ఉత్తరాల ముచ్చట – 9: ఆ జై భీమ్ ఆయనకు చెప్పింది కాదు

పోయిన వారం ముచ్చట చదివి ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు అడిగారు. "అన్నా, పిల్లల ఉత్తరాలన్నీ నువ్వు దిద్దుతావు కదా, నువ్వెప్పుడూ తప్పు చేయలేదా?" అని. చేశాను. ఒకటి మాత్రం చేయబోయి ఆగాను. ఆ రాత్రి ఆగకపోతే ఒక మనిషి ఉద్యోగం పోయేది. ఆ సంగతే ఇవాళ చెప్తాను.

రాత్రి పదకొండు దాటింది. నల్గొండ వైపు ఊరి నుంచి ఒక చెల్లె ఫోన్. డిగ్రీ అయిపోయింది. పీజీ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలనకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో రెండూ కాలేజీ బీరువాలో ఉన్నాయి. స్కాలర్‌షిప్ కింద గవర్నమెంటు నుంచి రావాల్సిన ఫీజు రాలేదు, ఆ డబ్బు నువ్వు కట్టి మెమోలు తీసుకుపో అని ఆఫీసులో అన్నారు. వాళ్ల నాన్న హమాలీ. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?

ఆ పిల్ల మొదట ఈ కష్టాన్ని చెప్పుకుంది తన డిపార్ట్‌మెంటు మేడమ్‌కు. మేడమ్ మన మనిషే. కాంట్రాక్టు లెక్చరర్. ప్రతి ఏడాదీ రెన్యువల్ కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకం పడితేనే ఆమెకు ఇంకో ఏడాది బతుకు. తన కులం ఏమిటో స్టాఫ్ రూములో ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో మీకు నేను వివరించక్కర్లేదు. ఈ పిల్లకు మాత్రం ఒకరోజు చెప్పింది. అందుకే ఆ పిల్ల ఆమెకు రాసిన మెయిల్ "జై భీమ్ మేడమ్" అని మొదలైంది.

మేడమ్ ఆ మెయిల్‌కు జవాబిచ్చింది. ఏ లైను తీసేయాలో, ఏది కలపాలో రాసింది. దీన్నే సరిచేసి ప్రిన్సిపాల్‌కు పంపు, దానికి ముందు ఎవరికైనా చూపించు అంది. ఆ ఎవరైనా నేనే. ఉత్తరాన్ని వాట్సాప్‌లో నాకు పంపింది చెల్లె. నేను కూర్చొని దిద్దాను. తెలుగులోనే రాయమన్నాను కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు చూశాను. "మా మెమోలు ఇవ్వగలరని ప్రార్థన" అని ఉంటే "ప్రార్థన" తీసేసి "కోరుతున్నాను" అని పెట్టాను. అంత శ్రద్ధగా చూశాను మరి. రెండుసార్లు చదివి తిరిగి పంపాను.

చెల్లె దాన్ని కాపీ చేసి మెయిల్‌లో పెట్టుకుంది. పంపే ముందు ఫోన్ చేసింది.

"అన్నా, పంపెయ్యనా?"

"ఒక్కసారి పైనుంచి చదువు చెల్లె. ఎవరికి పోతుందో అక్కడి నుంచి చదువు."

చదివింది. "టు... ప్రిన్సిపాల్ సార్ మెయిల్ ఐడీ. జై భీమ్ మేడమ్..."

ఇద్దరం ఆగిపోయాం. అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

ఆ రెండు మాటలు నా చేతుల మీదుగా రెండుసార్లు పోయాయి. నేను చూడలేదు. తర్వాత చాలా రోజులు ఆలోచించాను, ఎందుకు చూడలేదని. ఉత్తరం దిద్దడానికి కూర్చున్నవాడు ఉత్తరాన్ని సంగతి దగ్గర నుంచి చదవడం మొదలుపెడతాడు. పైనున్న పిలుపు గడప లాంటిది. దాటుతాం గాని చూడం. పైగా అందులో దిద్దడానికి ఏముంది? "జై భీమ్ మేడమ్" అన్న మాటల్లో ఒత్తు తప్పు లేదు, వ్యాకరణం తప్పు లేదు. అది సరైన మాటే. సరైన మాట, కాని వేరే మనిషికి చెప్పింది. ఉత్తరాన్ని ఉత్తరంగా చూస్తే ఆ తప్పు కనబడదు. పక్కన చిరునామా పెట్టి చూస్తేనే కనబడుతుంది. నా వాట్సాప్‌లో ఉత్తరం ఒక్కటే ఉంది, చిరునామా లేదు. చిరునామా చెల్లె ఫోన్‌లో ఉంది. మెయిల్‌కు కూడా ఈ రెంటికీ సంబంధం ఉందని తెలియదు. పైన డబ్బాలో ఎవరి ఐడీ ఉంటే వాళ్లకు తీసుకుపోతుంది, లోపల ఎవరిని పలకరించామో దానికి పట్టదు. ఆ రెంటినీ కలిపి చూసే పని మనిషిదే.

"సరే అన్నా, అది కొట్టేసి 'గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి' అని పెడుతున్నా. పంపనా?" అంది.

పంపు అనబోయాను. అక్కడే మా నాయన గుర్తొచ్చాడు.

మా నాయన భూమి కాగితం కోసం తిరిగిన రోజుల్లో ఎమ్మార్వో ఆఫీసు ముందు చెట్టు కింద ఒకాయన అర్జీలు రాసేవాడు. మా నాయన మొదట కలెక్టర్‌కు అర్జీ పెట్టాడు. పని కాలేదు. ఎమ్మార్వోకు పెట్టమన్నారు. చెట్టు కింద ఆయన పాత అర్జీనే ముందు పెట్టుకొని మళ్లీ రాశాడు. పైన "మహారాజశ్రీ మండల రెవెన్యూ అధికారి గారికి" అని మార్చాడు. మార్చాల్సింది అదొక్కటే అనుకున్నాడు. లోపల మాత్రం "ఎమ్మార్వో గారు నా అర్జీని పట్టించుకోనందున తమరే విచారణ జరిపించి" అన్న లైను అట్లనే ఉండిపోయింది. ఎమ్మార్వో చేతిలోనే ఎమ్మార్వో మీద ఫిర్యాదు పెట్టి వచ్చాడు మా నాయన. చదువు రాదు కదా, వేలిముద్ర వేసి, దండం పెట్టి మరీ ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత ఆ ఆఫీసులో ఆయన్ను ఎట్లా చూశారో ఇంకోసారి రాస్తాను.

అందుకే చెల్లెతో అన్నాను. "ఆగు. పైన పేరు మారితే ఉత్తరం మారినట్టు కాదు. అది మేడమ్‌కు రాసిన ఉత్తరం. పైన మేడమ్ ఉందంటే లోపల కూడా ఎక్కడో మేడమ్ ఉంటుంది. వెతుకుదాం."

ఎట్లా వెతికామో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇదే మీకు పనికొచ్చేది.

ఉత్తరంలో "మీరు" అన్న మాట ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా ఆపి, "ఈ మీరు ఎవరు?" అని అడిగాను. తెలుగులో ఇంకో చిక్కుంది, "మీరు" అని రాయకుండానే "చెప్పారు", "అన్నారు" అని నడిపించేస్తాం. చెప్పింది ఎవరో మాటలో కనబడదు. కాబట్టి "చెప్పారు", "అన్నారు", "పంపారు" దగ్గర కూడా ఆగమన్నాను.

నాలుగో లైను: "మా బ్యాచ్ ఫీజు కొంత ఆఫీసుకు వచ్చిందని మొన్న ల్యాబ్‌లో చెప్పారు." ఎవరు చెప్పారు? మేడమ్. ఇప్పుడు ఈ ఉత్తరం ప్రిన్సిపాల్ చదువుతాడు. ఆయన ల్యాబ్‌లో చెప్పలేదు. మరి ల్యాబ్‌లో ఎవరు చెప్పి ఉంటారు? ఆ డిపార్ట్‌మెంటులో ల్యాబ్ తీసుకునేది ఎంతమంది? లెక్క పెట్టడానికి ఆయనకు ఒక వేలు చాలు.

ఏడో లైను: "ప్రిన్సిపాల్ సార్‌తో ఒకసారి మాట్లాడితే బాగుంటుంది." ప్రిన్సిపాల్‌కు పోతున్న ఉత్తరంలో ప్రిన్సిపాల్‌తో మాట్లాడమని అడుగుతున్నాం. ఉత్తరం మొదట ఇంకెవరికో రాశారని చెప్పడానికి ఈ ఒక్క లైను సరిపోతుంది.

చివర్లో: "మీరు పంపిన ఫోటో జత చేస్తున్నాను." ఏం ఫోటో అని అడిగాను. నోటీసు బోర్డు మీద పెట్టి, అదే రోజు తీసేసిన ఫీజు లిస్టు. మేడమ్ తన ఫోన్‌తో తీసి పంపింది. చెల్లె దాన్ని వాట్సాప్ స్క్రీన్‌షాట్‌గా జత చేసింది. స్క్రీన్‌షాట్ పైన మేడమ్ పేరు, చిన్న గుండ్రటి బొమ్మలో మేడమ్ ముఖం.

నాకు చెమట పట్టింది. అయినా ఇంకా అయిపోలేదు.

"చెల్లె, ఈ మెయిల్ కొత్తగా తెరిచావా? మేడమ్ జవాబు మీద ఫార్వర్డ్ కొట్టి రాశావా?"

"ఫార్వర్డ్ కొట్టిన అన్నా. మళ్లీ కొత్తగా తెరిచే పని ఉండదని."

"అట్లనే కిందికి జరుపు. నీ పేరు కింద మూడు చుక్కలు ఉంటాయి చూడు. వాటిని నొక్కు."

నొక్కింది. మూడు చుక్కల కింద మడిచిపెట్టిన పాత మెయిల్స్ అన్నీ తెరుచుకున్నాయి. ఈ పిల్ల మొదట రాసింది, మేడమ్ జవాబు. ఆ జవాబులో మొదటి లైను చెల్లె చదవలేదు, నాకు వినబడేటట్టు గొణిగింది: "నేను చెప్పానని ఎక్కడా రాకూడదు అమ్మా."

ఆ లైను ప్రిన్సిపాల్‌కు పోవడానికి ఒక్క నొక్కు దూరంలో ఉంది.

ఇది మెయిల్ తెలియకపోవడం వల్ల వచ్చిన చిక్కు కూడా. ఫార్వర్డ్ కొడితే పాత సంభాషణ, ఆ మెయిల్‌కు జత చేసినవి వెంట పోతాయి. రిప్లై కొడితే జత చేసినవి పోవు గాని పాత మాటలు పోతాయి, "టు"లో పేరు మార్చినా పోతాయి. చుక్కల వెనక మడిచి ఉంటాయి కాబట్టి మనకు కనబడవు. అవతలివాళ్లు చుక్కలు నొక్కితే కనబడతాయి. మన ఇళ్లల్లో మొదటిసారి మెయిల్ ఐడీ తెరిచిన తరం ఇది. ఈ సంగతులు వాళ్లకు ఎవరు చెప్తారు?

అప్పుడు ఆ మెయిల్‌ను వదిలేయమన్నాను. దిద్దడం కాదు, వదిలేయడమే. కొత్త మెయిల్ తెరవమన్నాను. "టు" డబ్బా ఖాళీగా ఉంచమన్నాను, చెయ్యి తగిలినా ఎక్కడికీ పోకుండా. సబ్జెక్టులో "Fwd:" ఉండదు ఇక. ఎవరికి రాస్తున్నామో ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని మొదటి నుంచి రాద్దాం అన్నాను.

మేడమ్‌కు కథంతా తెలుసు. ప్రిన్సిపాల్‌కు ఈ పిల్ల ఎవరో కూడా తెలియదు. కాబట్టి ముందు పేరు, గ్రూపు, హాల్ టికెట్ నంబరు, స్కాలర్‌షిప్ అప్లికేషన్ నంబరు. తర్వాత ఏ రోజున ఆఫీసుకు పోయింది, ఏం అడిగింది, ఏం జవాబొచ్చింది. ఎవరో ల్యాబ్‌లో చెప్పింది అక్కర్లేదు, తను స్వయంగా విన్నదీ చూసిందీ చాలు. తర్వాత విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని 2018లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ సంగతి ఒక్క లైను. తర్వాత ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో. "పరిశీలన ఫలానా తేదీన ఉంది. అంతకు మూడు రోజుల ముందు నా రెండు మెమోలు ఇప్పించాలని కోరుతున్నాను." స్క్రీన్‌షాట్ తీసేశాం. బదులు కౌన్సెలింగ్ షెడ్యూల్ కాగితం జత చేశాం. కాపీ జిల్లా ఎస్సీ సంక్షేమ అధికారికి.

పన్నెండు లైన్లు వచ్చింది. చెల్లె పైనుంచి కిందికి చదివింది. ఒక్క "మీరు" ఉంది, ఆ మీరు ప్రిన్సిపాలే. అప్పుడు "టు"లో ఐడీ పెట్టమన్నాను. పేరులో మొదటి రెండక్షరాలు కొట్టగానే ఫోన్ తనంతట తాను చూపించే ఐడీని నమ్మొద్దన్నాను. ఆ అక్షరాలతో మనకు ఇంకెవరైనా ఉంటే వాళ్లను పెట్టేస్తుంది. అప్పుడు తప్పు పిలుపులో ఉండదు, చిరునామాలో ఉంటుంది. రెండూ కలవనప్పుడు ఏది తప్పో ముందు తేల్చుకోవాలి. ఊరికే పైపేరు మార్చేస్తే, సరైన ఉత్తరాన్ని తప్పు మనిషికి సరిపోయేటట్టు చేసినవాళ్లమవుతాం. అందుకే దిద్దేవాళ్లు తమంతట తాము మార్చేయకుండా రాసినవాళ్లను అడగాలి: ఇది ఎవరికి పోతోంది?

పంపబోతూ చెల్లె ఒక మాట అడిగింది.

"అన్నా, ప్రిన్సిపాల్‌కు జై భీమ్ అనొద్దా? భయపడి తీసేసినట్టు కాదా ఇది?"

ఆ ప్రశ్నకు నాకు వెంటనే జవాబు దొరకలేదు. వాళ్ల ఊళ్లో వాళ్ల నాన్నను పిల్లకాయలు కూడా ఒరే అని పిలుస్తారు. "అయ్యా", "దొరా" అనకుండా తలెత్తి పలకరించడానికి ఆ పిల్లకు దొరికిన మాట అది. దాన్ని తీసేయమని చెప్పే హక్కు నాకు లేదు.

"నీ పలకరింపు నీ ఇష్టం చెల్లె," అన్నాను. "నువ్వు ఆయనకు జై భీమ్ చెప్పాలనుకుంటే చెప్పు, కింద నీ పేరు పక్కన పెట్టు, నేను అడ్డం రాను. కాని ఇందాక పైన ఉన్న జై భీమ్ నువ్వు ఆయనకు చెప్పింది కాదు. ఆమెకు చెప్పింది. ఆమె నిన్ను నమ్మి తనెవరో చెప్పింది కాబట్టి చెప్పింది. దాన్ని ఆయన ముందు పెడితే నీ ధైర్యం కాదు కనబడేది, ఆమె కులం."

కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత కింద తన పేరు పైన "జై భీమ్" అని పెట్టుకుంది. పంపింది.

ఇంకో రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఎవరైనా అతి జాగ్రత్తకు పోతారు.

ప్రతిచోటా పిలుపు మార్చకూడదు. అట్రాసిటీ కేసులో ఎస్పీకి ఇచ్చిన ఫిర్యాదు కాపీని జాతీయ ఎస్సీ కమిషన్‌కు పంపుతున్నాం అనుకోండి. ఆ కాపీలో పైన ఎస్పీ గారే ఉండాలి. ఎస్పీకి ఏ తేదీన ఏం ఇచ్చామో అదే దానికి రుజువు. కమిషన్ ఛైర్మన్ పేరు పెట్టి దాన్ని మారిస్తే, మనమే మన కాగితాన్ని చెడగొట్టినట్టు. అక్కడ కమిషన్‌ను పలకరిస్తూ వేరే కవరింగ్ లెటర్ రాయాలి, పాతది ముట్టుకోకుండా వెనక జత చేయాలి. మన మాటగా ఇప్పుడు చెప్తున్న ఉత్తరంలో పిలుపు మారాలి. అప్పుడేం చెప్పామో చూపించే కాగితంలో మారకూడదు.

పంపేశాక చూసుకుంటే? జీమెయిల్‌లో పంపిన వెంటనే కింద "Undo" అని కొన్ని క్షణాలు కనబడుతుంది. కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌లోకి పోతే ఆ సమయాన్ని 5, 10, 20, 30 సెకన్లలో ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. మామూలుగా 5 ఉంటుంది. 30 పెట్టుకోండి, ఇవాళే. అది దాటితే మెయిల్ వెనక్కి రాదు. అప్పుడు పేరు మాత్రమే తప్పయితే ఒక్క లైను చాలు: "పైన పేరు పొరపాటున పడింది, ఉత్తరం తమరికే." కాని లోపల ఇంకో మనిషి బయటపడి ఉంటే, ముందు ఫోన్ చేయాల్సింది ఆ మనిషికి. పంపినవాళ్లకు కాదు. తెల్లారి ఆఫీసుకు పోయి ప్రిన్సిపాల్ నోటి నుంచి ఆమె ఆ సంగతి వినకూడదు. అది ఇబ్బందికరమైన ఫోన్. అయినా చేయాలి.

చెల్లెకు ఆరో రోజున మెమోలు ఇచ్చారు. ఉత్తరం వల్లనా, సంక్షేమ అధికారికి కాపీ పోవడం వల్లనా, నాకు తెలియదు. బకాయి సంగతి అట్లనే ఉంది. మేడమ్‌కు ఆ ఏడాది రెన్యువల్ అయింది. ఆ రాత్రి ఏం జరగబోయిందో ఆమెకు తర్వాత చెల్లె చెప్పిందట. మేడమ్ చాలాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత, "ఇంకెప్పుడూ ఫార్వర్డ్ కొట్టకు అమ్మా," అందట.

అప్పటి నుంచి నాకు దిద్దమని ఏ ఉత్తరం వచ్చినా ముందు ఒకటే అడుగుతున్నాను. చిరునామా ఉన్న స్క్రీన్‌షాట్ పంపండి, అప్పుడు చూస్తాను అని. కొందరు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.